ఒంట్లో బాగోలేదని వాయిస్‌మెయిల్‌లో ఎలా చెప్పాలి?

అమెరికాలో షిఫ్టుల్లో పనిచేసే మనవాళ్లకు ఇది తరచూ ఎదురయ్యేదే. తెల్లవారుజామున సూపర్‌వైజర్‌కి ఫోన్ చేస్తే ఎత్తరు, బీప్ వస్తుంది. ల్యాబ్‌లో చేరిన కొత్తలో నేను జ్వరంతో పడుకునే మాట్లాడాను. లక్షణాలన్నీ చెప్పి, మూడుసార్లు సారీ చెప్పి, చివర్లో నంబర్ గబగబా అనేశాను. ఆ నంబర్ వాళ్లకు అర్థం కాలేదు. నేను రానని తెలిసినా, నన్ను అడగాల్సింది అడగలేకపోయారు.

ముందుగా, మీ దగ్గర వాయిస్‌మెయిల్ పెడితే సరిపోతుందో లేదో బాగున్న రోజునే కనుక్కోండి. కొన్ని చోట్ల మనిషితోనే మాట్లాడాలి, అదీ షిఫ్టుకు ఇన్ని గంటల ముందని రూల్ ఉంటుంది.

తర్వాత చెప్పేది కాగితం మీద రాసుకోండి. ఆరేడు వాక్యాలు చాలు. ఇంగ్లీషులో చెప్పినా వరుస ఇదే:

"నేను లావణ్య, ల్యాబ్ మార్నింగ్ షిఫ్ట్. ఒంట్లో బాగోలేదు, ఈ రోజు, మంగళవారం, ఏడు గంటల షిఫ్టుకు రాలేను. నిన్నటి శాంపిల్స్ లిస్టు నా డెస్క్ మీద ఉంది. నా నంబర్ 732, 555, 0142. పదకొండు నుంచి పన్నెండు దాకా ఫోన్ దగ్గరే ఉంటాను, మిగతా టైమ్‌లో టెక్స్ట్ చేయండి. రేపటి సంగతి నాలుగింటికి నేనే ఫోన్ చేసి చెప్తాను. మళ్లీ చెప్తున్నా, లావణ్య, 732, 555, 0142."

జ్వరమా, విరేచనాలా అన్నది ఇందులో లేదు, అక్కర్లేదు కూడా. వారం పేరు మాత్రం వదలకండి. మెసేజ్ ఆలస్యంగా వింటే, ఒట్టి "ఈ రోజు" అంటే ఏ రోజో తికమక పడతారు.

మాట్లాడేటప్పుడు లేచి కూర్చోండి, పడుకుంటే గొంతు లోపలికి పోతుంది. ఓ గుక్క గోరువెచ్చని నీళ్లు తాగి, ఫ్యాన్ ఆపి, స్పీకర్ తీసేసి, ఫోన్ నోటికి రెండు మూడు అంగుళాల దూరంలో పెట్టుకోండి. మామూలు ఫోన్ లైన్ దాదాపు 3400 హెర్ట్జ్‌కి పైన ఉన్న శబ్దాన్ని పంపదు. ఎస్, ఎఫ్ అక్షరాల తేడా ఎక్కువగా అక్కడే ఉంటుంది కాబట్టి అవి ఒకేలా వినిపిస్తాయి. ఫైవ్, నైన్ మధ్య కూడా పొరపాటు పడటం తేలిక. అందుకే మన పేర్లను విడదీసి పలకాలి, నంబర్‌ని మూడు, మూడు, నాలుగు అంకెలుగా ఆపి ఆపి చెప్పాలి.

చాలా ఆఫీసు సిస్టమ్‌లలో # నొక్కితే మెసేజ్ మళ్లీ వినొచ్చు, చెరిపి కొత్తగా చెప్పొచ్చు. పేరు, రోజు, నంబర్ స్పష్టంగా లేకపోతే మళ్లీ రికార్డ్ చేయండి. పెట్టేశాక అదే విషయం ఒక లైన్ టెక్స్ట్ కూడా పంపండి.

ఇక నిద్రపోయే ముందు రెండు అలారాలు పెట్టుకోండి, ఒకటి పదకొండుకి, ఇంకోటి నాలుగింటికి. అటు నుంచి ఫోన్ రాకపోయినా నాలుగింటికి మీరు చేయాల్సిందే. రేపటి షిఫ్టుకు మనిషిని పెట్టాలా వద్దా అన్నది వాళ్లు ఆ ఫోన్‌ని బట్టే చూసుకుంటారు.