తడబాట్లు తీసేసి ఇంటర్వ్యూను బిగించడం ఎలా?

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో ఒక మత్స్యకారుడితో నలభై నిమిషాలు మాట్లాడి, దాన్ని అక్షరం పొల్లుపోకుండా రాయించుకున్నారనుకుందాం. అందులోంచి నాలుగు నిమిషాల ఆడియో కావాలి. ముందు కత్తెర కాగితం మీదే పడాలి. అయితే రాతప్రతిని ఒంటరిగా చదవకుండా, రికార్డింగ్ వింటూ, ఉంచదలచిన ప్రతి వాక్యం పక్కన నిమిషం, సెకను రాసుకోవాలి.

ఆయన మాట ఇలా ఉందనుకోండి: “ఆ ఏడు వేట నిషేధం అయిపోనాక, మరేటంటే, మేం... అంటే నేనూ మా తమ్ముడూ, పద్నాలుగు, కాదు, పదిహేనో తారీకు, రాత్రే అనుకుంటాను, బోటు తీసినాం గదా.”

మొదట క్రియ కోసం వెతకండి. తెలుగు వాక్యం చివర్లో క్రియతో తేలుతుంది కనుక, మధ్యలో ఎన్నిసార్లు మొదలుపెట్టి వదిలేసినా, “బోటు తీసినాం” దాకా చేరిన దారి ఏదో గుర్తిస్తే మిగిలినవి వాటంతటవే రాలిపోతాయి. “మేం” తీసేస్తే దాన్ని వివరించడానికి వచ్చిన “అంటే” కూడా అక్కర్లేదు. “పద్నాలుగు, కాదు” ఆయనే దిద్దుకున్న పొరపాటు, కాబట్టి దాన్నీ తీసేయవచ్చు. తూర్పు తీరంలో నిషేధం జూన్ 14 వరకు ఉంటుంది గనుక దిద్దిన తేదీయే సరిపోతుంది. మిగిలేది ఇది: “ఆ ఏడు వేట నిషేధం అయిపోనాక నేనూ మా తమ్ముడూ పదిహేనో తారీకు, రాత్రే అనుకుంటాను, బోటు తీసినాం.”

“అనుకుంటాను” ఎందుకు ఉంచామంటే, అది ఊతపదం కాదు. ఒకసారి నేను దాన్ని కత్తిరిస్తే, మాట్లాడిన పెద్దాయన విని, “నేను అంత గట్టిగా చెప్పలేదు కదా బాబూ” అన్నారు. ఆయన అన్నది నిజమే. “అట”, “అనుకుంటా”, “కాబోలు” అనేవి చెప్పేవారికి ఆ విషయం ఎంత రూఢిగా తెలుసో చెబుతాయి. వాటిని తొలగిస్తే వినికిడి మాట కూడా సాక్ష్యంగా మారిపోతుంది. “అంటే” విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం: “మాకు ఐసంటే డబ్బే” అన్నచోట దాన్ని ముట్టుకోకూడదు. “తీసినాం”ను “తీశాం” అని దిద్దకూడదు, ఎందుకంటే అది తడబాటు కాదు, ఆయన యాస.

ఇక ఆడియోలో కత్తిరించేటప్పుడు, మాటకు ముందున్న ఊపిరిని ఆ మాటతోనే ఉంచాలి. రెండు ఊపిర్లు వెంటవెంటనే వినబడినా, వెనుక ఇంజిన్ చప్పుడు హఠాత్తుగా తెగినా అతుకు బయటపడుతుంది. అందుకే ఇంటర్వ్యూ అయ్యాక అక్కడే, ఎవరూ మాట్లాడకుండా, ఒక నిమిషం హార్బర్ చప్పుడును రికార్డు చేసుకుని, అతుకుల కింద సన్నగా పరవాలి. చివరగా హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, రాతప్రతి చూడకుండా వినండి. ఎక్కడైనా ఆయన ఉలిక్కిపడినట్టు మాట్లాడుతున్నారనిపిస్తే, అక్కడ తీసేసిన విరామంలో కొంత వెనక్కి పెట్టండి.