బిల్లు మొత్తం కలిసింది, పన్ను కలవలేదు: రౌండాఫ్ లైన్‌లో దాక్కునే తప్పు

నెలాఖరులో ఫోన్ వస్తుంది. "అన్నా, పార్టీ బ్యాలెన్స్ రూపాయితో సహా సరిపోయింది. కానీ GSTR-2Bలో పన్ను మాత్రం మన పుస్తకాలతో కలవడం లేదు." 2B అంటే అమ్మినవాళ్లు చూపించిన బిల్లుల ప్రకారం మనకు ఎంత పన్ను క్రెడిట్ ఉందో చెప్పే పట్టిక. నేను అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: బిల్లు మీద రౌండాఫ్ ఎంత వేశారు, మన ఎంట్రీలో ఎంత ఉంది? పదిమందిలో తొమ్మిదిమంది ఆ లైన్ వైపే చూసి ఉండరు. కింద మొత్తం కలిసిందా, అంతే, ఎంటర్ కొట్టేస్తారు.

ఒక సంగతి గుర్తుంటే సగం వెతుకులాట తప్పుతుంది. దగ్గరి రూపాయికి సవరించినప్పుడు తేడా 50 పైసలు దాటడానికి వీల్లేదు. ఎప్పుడూ పై రూపాయికే వేసే పార్టీలు కొన్ని ఉంటాయి. వాళ్ల బిల్లుల్లో కూడా అది 99 పైసలకు మించదు. మీ Round Off లెడ్జర్‌లో రూపాయి దాటిన లైన్ కనిపిస్తే అది రౌండాఫ్ కాదు, ఎవరో ఏదో తప్పును అక్కడ పూడ్చిపెట్టారని అర్థం.

లక్షణం: మొత్తం సరే, రౌండాఫ్ మాత్రం రూపాయల్లో ఉంది

నన్ను బాగా ఏడిపించింది ఇదే. హార్డ్‌వేర్ షాపు కొనుగోలు బిల్లు ఒకటి చూడండి. సరుకు 12,480 రూపాయలు, హమాలీ 50 రూపాయలు. సరుకు అమ్మినవాడే బిల్లులో వేసిన హమాలీ, ప్యాకింగ్ లాంటివి కూడా సరుకు విలువలోకే వస్తాయి కాబట్టి అతను 12,530 మీద పన్ను వేశాడు. 18 శాతం రేటు, అంటే సీజీఎస్టీ 1,127.70, ఎస్‌జీఎస్టీ 1,127.70. మొత్తం 14,785.40. రౌండాఫ్ మైనస్ 0.40 పోను బిల్లు 14,785.

మన దగ్గర ఎంట్రీ చేసిన కుర్రాడు హమాలీని మామూలు ఖర్చు లెడ్జర్‌లో వేశాడు. ఆ లెడ్జర్‌ను పన్ను లెక్కలో కలపమని ఎక్కడా చెప్పలేదు. దాంతో సాఫ్ట్‌వేర్ 12,480 మీదే పన్ను కట్టి 1,123.20 చొప్పున రెండు లైన్లు చూపించింది. మొత్తం 14,776.40 వచ్చింది. బిల్లు మీద ఉన్నది 14,785. మధ్యాహ్నం అన్నం వేళ, ముందు ఇంకా నలభై బిల్లులు. రౌండాఫ్‌లో 8.60 టైప్ చేశాడు. 14,785 వచ్చేసింది.

పార్టీ ఖాతా కలిసింది, పేమెంట్ కూడా వెళ్లిపోయింది. కొనుగోలు మీద కట్టిన పన్నుకు మనకు రావాల్సిన ఇన్‌పుట్ క్రెడిట్‌లో 9 రూపాయలు మాత్రం ఖర్చు కింద పోయాయి. ఒక్క బిల్లుకు 9 రూపాయలే కదా అనుకోవచ్చు. అదే పార్టీ నుంచి వారానికి నాలుగు బిల్లులు, ప్రతిదాంట్లో హమాలీ ఉంటే, 2Bతో ఒక్క బిల్లూ కలవదు. ఏ బిల్లుకు ఎంత తేడానో పేపర్ మీద వెతుక్కుంటూ కూర్చోవాలి. నేను కూర్చున్నాను.

ఇక్కడ ఒక తమాషా ఉంది. ఆ కుర్రాడు చేత్తో టైప్ చేయకుండా సాఫ్ట్‌వేర్‌కు వదిలేసి ఉంటే అది 14,776.40ని 14,776 చేసి మైనస్ 0.40 చూపించేది. పైసలు అచ్చం బిల్లు మీద ఉన్నట్టే, మొత్తం మాత్రం 9 రూపాయలు తక్కువ. అందుకే మొత్తం, రౌండాఫ్ రెండూ చూడాలి. ఒకటి కలిసి ఇంకోటి కలవకపోతే అక్కడ ఆగాలి.

సరిచేయడం

ముందు కారణాన్ని తీసేయండి. టాలీలో అయితే హమాలీ లెడ్జర్ తెరిచి, Include in Assessable Value దగ్గర జీఎస్టీకి, సరుకుకు, విలువ ఆధారంగా పంచమని పెట్టాలి. ఆ తర్వాత అదే ఓచర్‌ను మళ్లీ తెరిచి, పన్ను మారిందో లేదో చూసి, రౌండాఫ్‌ను బిల్లు మీద ఉన్న మైనస్ 0.40కి దించండి.

పాత ఓచర్‌ను కదిలించలేని పరిస్థితి ఉంటే, అంటే ఆ నెల రిటర్న్ వెళ్లిపోయి పుస్తకాలు మూసేస్తే, జర్నల్ చాలు. ఇన్‌పుట్ సీజీఎస్టీ 4.50 డెబిట్, ఇన్‌పుట్ ఎస్‌జీఎస్టీ 4.50 డెబిట్, Round Off 9.00 క్రెడిట్. ఇంతకుముందు 8.60 డెబిట్ ఉంది కాబట్టి ఇప్పుడు మిగిలేది 0.40 క్రెడిట్. సరిగ్గా బిల్లు మీదున్న పైసలే. అలా తేలిందంటే కారణం సరిగ్గానే పట్టుకున్నట్టు. తేలకపోతే ఇంకో తప్పు కూడా ఉంది, వెతకండి. ఆ 9 రూపాయల క్రెడిట్‌ను తర్వాతి 3B రిటర్న్‌లో తీసుకోవచ్చు. గడువు ఆ ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబర్ 30, లేదా వార్షిక రిటర్న్ వేసిన రోజు, ఏది ముందైతే అది.

అసలు ఎక్కడ వేయాలి

ఒకే లెడ్జర్ చాలు, లాభానికొకటి నష్టానికొకటి అక్కర్లేదు. పరోక్ష ఖర్చుల కింద పెట్టి, జీఎస్టీ వర్తించదని చెప్పండి. అమ్మకాల బిల్లులకైతే సెట్టింగ్ ఇలా ఉండాలి:

```
Type of Ledger  : Invoice Rounding
Rounding Method : Normal Rounding
Rounding Limit  : 1
```

అమ్మకంలో పైకి సవరిస్తే మనకు అదనంగా వస్తుంది, అది క్రెడిట్. కిందికి అయితే డెబిట్. కొనుగోలులో దీనికి తిరగబడుతుంది. కొనుగోలులో సాఫ్ట్‌వేర్ లెక్కను నమ్మకుండా బిల్లు మీద అచ్చయిన పైసలనే, ప్లస్ మైనస్ గుర్తుతో సహా, ఎక్కించండి. రౌండ్ చేసిన 14,785ని తీసుకుని 1.18తో భాగించి పన్ను రాబట్టేవాళ్లను కూడా చూశాను. దయచేసి వద్దు. క్రెడిట్ అంటే బిల్లు మీద పన్ను అని రాసి ఉన్న అంకె.

జీఎస్టీ చట్టం 170వ సెక్షన్ ప్రకారం రూపాయికి సవరించాలి కదా అంటారు కొందరు. అది ప్రభుత్వానికి కట్టే పన్ను, వడ్డీ, జరిమానా లాంటి మొత్తాల గురించి. బిల్లు అడుగున ఉండే రౌండాఫ్ వ్యాపార సౌకర్యం. రెండింటినీ కలపకండి.

మిగతావి, త్వరగా

తేడా ఒకటి రెండు పైసలే ఉంటే లైన్ల వారీ లెక్క. 133.25 రూపాయల వస్తువులు మూడు ఉంటే ఒక్కోదానికి 9 శాతం 11.99, మూడింటికి 35.97. మొత్తం 399.75 మీద కడితే 35.98. రెండు దారుల్లోనూ బిల్లు 472కే తేలుతుంది కాబట్టి ఎవరికీ కనిపించదు. బిల్లు ఏది చూపిస్తే అది ఎక్కించి వదిలేయండి, దాని కోసం టెన్షన్ పడొద్దు.

మొత్తం రూపాయల్లో రాకుండా పైసలు మిగిలిపోతే, రౌండాఫ్ లైన్ పన్ను లైన్ల కంటే పైన ఉందేమో చూడండి. అది అన్నిటికంటే చివర ఉండాలి.

ఈ-ఇన్‌వాయిస్‌లో దీనికి `RndOffAmt` అని విడిగా చోటుంది. అందులోనే వెళ్లాలి, ఇతర ఛార్జీల్లో కాదు.

మన దగ్గర కొన్న పార్టీ 14,785కి బదులు 14,780 ఇచ్చి ఆ ఐదు వదిలేయమంటే, అది డిస్కౌంట్ లెడ్జర్‌కు వెళ్తుంది. రౌండాఫ్‌లో వేయొద్దు.