పత్రిక యాడ్‌లో క్యూఆర్ కోడ్, 3వ పాఠం: లింక్ ఎంత పొట్టిదైతే గడి అంత పెద్దది

పోయిన పాఠంలో కోడ్ తయారుచేసి SVG ఫైల్‌గా దాచుకోవడం దాకా వచ్చాం. ఈసారి దాన్ని కాగితం మీదికి ఎక్కిద్దాం. ఈ పని మొదలుపెట్టగానే అందరూ అడిగేది "కోడ్ సైజు ఎంత పెట్టాలి?" అని. నా లెక్కలో అది రెండో ప్రశ్న. మొదటిది, ఆ కోడ్‌లో ఎన్ని అక్షరాలు కుక్కుతున్నాం అన్నది.

ఒక ఉదాహరణ పట్టుకుని చివరిదాకా దానితోనే నడుద్దాం. సైకిల్ రిపేర్ నేర్పే సాయంకాలం కోర్సు ఉంది, దానికి ఒక పత్రికలో పావు పేజీ యాడ్ వేస్తున్నారు, డిజైనర్ కోడ్‌కి 2 సెంటీమీటర్ల చోటు ఇచ్చాడు. కోర్సు పేజీ లింక్ ఇది, వెనక తోక పత్రిక నుంచి ఎంతమంది వచ్చారో లెక్క తెలియడానికి:

```
https://www.example.com/courses/evening/cycle-repair?utm_source=magazine&utm_medium=print&utm_campaign=june-batch
```

లెక్కపెడితే 113 అక్షరాలు. క్యూఆర్ కోడ్ అంటే నల్ల, తెల్ల గడుల చదరం, అంతే. అన్నిటికన్నా చిన్నది అడ్డంగా 21 గడులు, నిలువుగా 21 గడులు. లోపల పెట్టే అక్షరాలు పెరిగేకొద్దీ ఒక్కో మెట్టుకీ 4 గడుల చొప్పున పెరుగుతూ 177 దాకా పోతుంది. కొంత పాడైనా చదవగలిగేలా కోడ్‌కి ఇచ్చే రక్షణలో మామూలుగా అందరూ వాడేది M స్థాయి, అందులో ఈ 113 అక్షరాలు పట్టాలంటే 45 గడుల చదరం కావాలి. 20 మిల్లీమీటర్లని 45తో భాగిస్తే ఒక్కో గడి 0.44 మిల్లీమీటర్లు.

ఇప్పుడు అదే కోర్సుకి ఇంకో లింక్:

```
HTTPS://EXAMPLE.COM/C7
```

ఇవి 22 అక్షరాలు. దీనికి 25 గడుల చదరం చాలు. అదే 2 సెంటీమీటర్లలో గడి 0.8 మిల్లీమీటర్లు అయింది, అంటే యాడ్‌లో అదనంగా ఒక్క మిల్లీమీటర్ చోటు కూడా అడగకుండానే గడి దాదాపు రెట్టింపైంది.

ఇదంతా ఎందుకు పట్టించుకోవాలంటే, కాగితం సిరాని పీల్చుకుంటుంది. న్యూస్‌ప్రింట్ అయితే మరీనూ. నల్ల గడి అంచులు పక్కనున్న తెల్ల గడిలోకి పాకుతాయి. ఆ పాకడం రెండు వైపులా కలిపి 0.1 మిల్లీమీటర్ అనుకుందాం: 0.8 మిల్లీమీటర్ల తెల్ల గడి 0.7కి తగ్గుతుంది, ఫోన్‌కి అది లెక్కే కాదు. 0.44 ఉన్నది 0.34కి పడిపోతుంది, దాని పక్క నల్ల గడి 0.54కి ఉబ్బుతుంది. ఇక మసక వెలుతురులో, చెయ్యి కొంచెం వణికితే, కెమెరాకి ఏది గడో ఏది మచ్చో తేడా తెలియదు. స్క్రీన్ మీద చక్కగా స్కాన్ అయిన కోడ్ పేపర్లో మొరాయించడానికి నేను చూసినంతలో ఎక్కువసార్లు కారణం ఇదే.

లింక్‌లో అన్నీ పెద్ద అక్షరాలు ఎందుకు పెట్టానా అని మీకు అనుమానం వచ్చే ఉంటుంది. పెద్ద అక్షరాలు, అంకెలు, ఇంకా చుక్క, కోలన్, గీత లాంటి కొన్ని గుర్తులు మాత్రమే ఉంటే క్యూఆర్ వాటిని ఇరికించి రాసుకుంటుంది, ఒక్కోదానికి 8 బిట్ల బదులు అయిదున్నరే పడుతుంది. చిన్న అక్షరం ఒక్కటి దూరినా ఆ లాభం తగ్గిపోతుంది. పై ఉదాహరణలో చిన్న అక్షరాలతో రాసినా M స్థాయిలో 25 గడులే వస్తాయి, అది నిజమే. కానీ పెద్ద అక్షరాలతో రాస్తే అదే 25 గడుల్లో Q స్థాయికి వెళ్లొచ్చు. M అంటే కోడ్‌లో సుమారు 15 శాతం పాడైనా చదవగలగడం, Q అంటే సుమారు 25 శాతం. ఊరికే వచ్చే రక్షణ, వదులుకోకండి. 1994లో జపాన్‌లో డెన్సో వేవ్ వాళ్లు ఈ కోడ్‌ని తయారుచేసింది కార్ల విడిభాగాల లెక్కల కోసం, మురికి పట్టినా చదవగలిగేలా ఈ రక్షణ పెట్టారు. ఆ రక్షణ మీద ఆశపడి కోడ్ మధ్యలో లోగో పెట్టమని డిజైనర్ అడుగుతాడు. చిన్న యాడ్‌లో వద్దనే నా మాట. సిరా పాకుడుకీ కాగితం ముడతలకీ దాచుకున్న బలాన్ని లోగోకి ఖర్చు పెట్టేస్తే తర్వాత ఏం మిగులుతుంది?

ఒక జాగ్రత్త. సైట్ పేరు పెద్ద అక్షరాల్లో ఉన్నా చిన్న అక్షరాల్లో ఉన్నా ఒకటే, కానీ దాని తర్వాత వచ్చే భాగంలో తేడా ఉండొచ్చు. C7, c7 రెండూ పనిచేసేలా సర్వర్‌లో పెట్టాలి. nginx వాడేవాళ్లకి ఇంతే:

```
location ~* ^/c7$ {
    return 302 /courses/evening/cycle-repair?utm_source=magazine&utm_medium=print&utm_campaign=june-batch;
}
```

పొడవాటి తోక ఎక్కడికీ పోలేదు చూడండి, కాగితం మీద నుంచి సర్వర్‌లోకి మారింది, అంతే. ఇక్కడ 302 బదులు 301 పెట్టొద్దు. 301 అంటే "శాశ్వతంగా మారింది" అని, బ్రౌజర్ దాన్ని గుర్తుపెట్టుకుంటుంది, రేపు మీరు గమ్యం మార్చినా ఒకసారి వచ్చిన మనిషి పాత పేజీకే పోవచ్చు. జూన్ బ్యాచ్ నిండిపోయాక అదే కోడ్‌ని తర్వాతి బ్యాచ్ పేజీకి తిప్పాలిగా.

ఈ పొట్టి లింక్ మీ సొంత సైట్ పేరు మీదే ఉండాలి. ఈ విషయంలో నాకు దెబ్బ తగిలింది కాబట్టి గట్టిగా చెబుతున్నాను. మొదట్లో నేను ఒక ఉచిత సేవలో గమ్యం మార్చుకోగలిగే కోడ్ చేయించి కరపత్రాలు వేయించాను. ఉచిత గడువు ఎప్పుడు అయిపోయిందో నాకు తెలియనే లేదు. ఎవరో ఫోన్ చేసి "స్కాన్ చేస్తే ఏదో ప్లాన్ రెన్యూవల్ అని వస్తోందండీ" అన్నాక చూశాను. కరపత్రాలు అప్పటికే పంచేశాం, చేయగలిగింది ఏమీ లేదు. అచ్చయిన కోడ్‌ని వెనక్కి పిలవలేం, అందుకని అది చూపించే అడ్రసు మన చేతిలో ఉండాలి.

ఇక డిజైనర్‌కి చెప్పాల్సినవి. కోడ్ చుట్టూ నాలుగు వైపులా 4 గడుల వెడల్పున ఖాళీ తెలుపు ఉండాలి, మన కోడ్‌కి అది 3.2 మిల్లీమీటర్లు. కాబట్టి "20 మిల్లీమీటర్లు అంటే నల్ల భాగం ఒక్కటే, తెలుపుతో కలిపి 26.4 మిల్లీమీటర్ల డబ్బా" అని అంకెతో సహా రాసివ్వండి. నోటిమాటగా చెబితే ఆ తెలుపులోకి ఏదో ఒక గీతో రంగో వచ్చి కూర్చుంటుంది. నలుపు ఒక్క నల్ల సిరాతోనే పడాలి. నాలుగు రంగులు కలిపిన నలుపైతే ప్లేట్లు కొంచెం జరిగినా అంచులన్నీ చెదిరిపోతాయి. నల్లని నేపథ్యంలో తెల్ల కోడ్ కొన్ని ఫోన్లు చదవవు. పత్రిక మధ్య మడత దగ్గర పెడితే కాగితం వంపు తిరిగి చదరం చదరంగా కనపడదు, బయటి అంచు వైపుకి జరపమనండి.

కోడ్ పక్కన ఏం రాయాలి? "స్కాన్ చేయండి" అని రాస్తే చాలదు, అది కోడ్ చూస్తేనే తెలుస్తుంది. స్కాన్ చేస్తే ఏం దొరుకుతుందో రాయండి. మన యాడ్‌కి "ఆదివారం డెమో క్లాస్‌లో సీటు బుక్ చేసుకోండి" అని పెడదాం. దాని కింద చదవగలిగే అక్షరాల్లో example.com/c7 అని కూడా. పత్రికని ఫోన్‌లోనే చదువుతున్న మనిషి తన ఫోన్ తెరని అదే ఫోన్ కెమెరాతో స్కాన్ చేయలేడు కదా, ఈ ఒక్క లైన్ అతనికి దారి.

ఆ మాట ఇచ్చాక పేజీ దాన్ని నిలబెట్టాలి. ఒక చేత్తో పత్రిక, ఇంకో చేత్తో ఫోన్ పట్టుకున్న మనిషిని ఊహించుకోండి. పేజీ తెరుచుకోగానే, వేలు జరపకముందే, యాడ్‌లో ఉన్న అదే మాట కనపడాలి: "ఆదివారం డెమో క్లాస్", దాని కింద టైము, చోటు, ఎంతసేపు, ఆ కిందే బుక్ చేసుకునే బటన్. ఫారంలో పేరు, ఫోన్ నంబరు చాలు. సైట్ హోమ్ పేజీకి పంపితే వచ్చినవాడు మెనూలో వెతుక్కోవాలి, వెతకడు, వెనక్కి పోతాడు. యాప్ దించుకోమనడం, వాట్సాప్ గ్రూపులో చేరమనడం లాంటివి డెమో అయ్యాక చూసుకోవచ్చు.

ప్రెస్‌కి పంపేముందు ఒక పరీక్ష. యాడ్‌ని అసలు సైజులోనే, పెంచకుండా, వీలైతే అదే రకం కాగితం మీద ప్రింట్ తీయండి. పాత ఫోన్ ఒకటి, కొత్తది ఒకటి తీసుకుని, రాత్రి ఇంట్లో ఒక్క లైటు వేసి, కాగితాన్ని టేబుల్ మీద పరచకుండా చేత్తో పట్టుకుని స్కాన్ చేయండి. వైఫై ఆపేసి మొబైల్ డేటా మీద చూడండి, పేజీ బరువు అప్పుడే తెలుస్తుంది. పాత ఫోన్ కోడ్ కోసం ముందుకీ వెనక్కీ తడుముకుంటుంటే కోడ్ సైజు పెంచండి. అందులో పెట్టిన అడ్రసు ఇంకా పొడవుగా ఉంటే ముందు దాన్ని తగ్గించండి.

యాడ్ వచ్చాక సర్వర్ లాగ్‌లో /C7 అని ఎన్నిసార్లు పడిందో, ఎన్ని బుకింగులు వచ్చాయో పక్కపక్కన పెట్టుకోండి. మీ సొంత పరీక్షలు తీసేయడం మర్చిపోవద్దు. /c7 అని చిన్న అక్షరంతో పడినవి చాలావరకు చేత్తో టైప్ చేసినవాళ్లవి, వాళ్లు మరీ ఎక్కువైతే కోడ్ సరిగ్గా చదవబడటం లేదేమో అని అచ్చయిన ప్రతి తెచ్చుకుని చూడాలి. మొత్తం మీదే ఎవరూ రాలేదంటే లోపం కాగితం మీద ఉంది: సైజు, చోటు, పక్కనున్న మాట. చాలామంది వచ్చి కూడా బుకింగులు లేవంటే కోడ్‌ని ముట్టుకోకండి, పేజీని చూడండి. రెండు పత్రికల్లో వేస్తే C7, C8 అని వేరు వేరు కోడ్‌లు ఇవ్వండి, లేకపోతే ఈ లెక్క ఏదీ కుదరదు.

వచ్చే పాఠానికి ఇంటిపని: చేతికి దొరికిన ఏదైనా పత్రిక తీసుకుని, అందులో ఒక యాడ్ కోడ్‌లో పై అంచున ఎన్ని గడులున్నాయో లెక్కపెట్టండి, స్కేలుతో కొలిచి గడి సైజు కనుక్కోండి, స్కాన్ చేస్తే ఏ పేజీకి వెళ్లిందో రాసుకోండి. నాలుగో పాఠంలో గోడ పోస్టర్ల సంగతి చూద్దాం. అక్కడ దూరం లెక్కలోకి వస్తుంది, మీటరు దూరం నుంచి స్కాన్ చేయాలంటే కోడ్ సుమారు 10 సెంటీమీటర్లు ఉండాలన్న ఉజ్జాయింపు ఎక్కడిదాకా పనికొస్తుందో అప్పుడు కొలిచి చూద్దాం.