హనుమకొండ నుంచి కాగితం రావాలి, ఇక్కడ ఆఫీసుకు ఏం రాయాలి?

కొత్త ఉద్యోగంలో చేరిన మొదటి నెలలోనే హెచ్ఆర్ నుంచి ఒక పెద్ద మెయిల్ వస్తుంది. మా తమ్ముడికి బ్రిటన్‌లో అలాగే వచ్చింది. అడిగినవి మూడు: కాకతీయ యూనివర్సిటీ ట్రాన్స్‌క్రిప్ట్, పాత కంపెనీ ఎక్స్‌పీరియన్స్ లెటర్, మార్కుల మెమోలో ఒక్క అక్షరంగా ఉన్న ఇంటిపేరు పాస్‌పోర్టులో పూర్తిగా ఎందుకుందో వివరణ. అన్నీ చేతికొచ్చాక ఒకేసారి పంపుదామనుకున్నాడు. మన దగ్గరైతే కౌంటర్ దగ్గర నిలబడ్డ మనిషి కనిపిస్తాడు. ఇక్కడ జవాబు రాకపోతే మెయిల్ చూశారో లేదో కూడా అవతలివాళ్లకు తెలియదు.

మెయిల్ వచ్చింది జూన్ 8, సోమవారం. మరుసటి రోజే ఇలా రాయమన్నాను:

“మీ మెయిల్ అందింది. మీరు అడిగినవి ట్రాన్స్‌క్రిప్ట్, ఎక్స్‌పీరియన్స్ లెటర్, పేరులో తేడాకు వివరణ అని అర్థం చేసుకున్నాను. ఎక్స్‌పీరియన్స్ లెటర్ జతచేశాను. ట్రాన్స్‌క్రిప్ట్ ఇండియా నుంచి రావాలి. మిగతా రెండింటికీ జూన్ 22, సోమవారం సాయంత్రం 5 లోపు జవాబు పంపుతాను. ఈ తేదీ మీకు ఆలస్యమైతే చెప్పండి.”

అడిగినవాటిని మన మాటల్లో తిరిగి రాయడం దండగ పని కాదు. మనం తప్పుగా అర్థం చేసుకుని ఉంటే వాళ్లు ఆ రోజే సరిదిద్దుతారు, రెండు వారాల తర్వాత కాదు.

ఇక 22 ఎలా వచ్చిందంటే, మా బాపు హనుమకొండలో యూనివర్సిటీకి పోగలిగేది బుధవారం, 10న. వారం పట్టవచ్చని అనుకున్నాం, అంటే 17. మధ్యలో రెండో శనివారం, ఆదివారం. స్కాన్ చేసి పంపేసరికి 18. దానిమీద రెండు పనిదినాలు చేతిలో పెట్టుకుని, సోమవారం అన్నాం. 18 అని రాసి 19న క్షమించమనడం కన్నా ఇదే మేలు. “త్వరలో”, “వీలైనంత తొందరగా” అని మాత్రం రాయకండి, వాటిని ఎవరూ క్యాలెండర్‌లో రాసుకోలేరు. నెల పేరు అక్షరాల్లోనే రాయండి. 06/07 అంటే మనకు జూలై 6, అమెరికాలో జూన్ 7.

ఇంకొకటి గమనించండి, “ట్రాన్స్‌క్రిప్ట్ పంపుతాను” అనలేదు, “జవాబు పంపుతాను” అన్నాం. యూనివర్సిటీ పని మన చేతిలో లేదు, మెయిల్ రాయడం మన చేతిలో ఉంది.

ప్రభుత్వ నోటీసుల సంగతి వేరు. అమెరికా ఇమిగ్రేషన్ శాఖ అదనపు ఆధారాలు అడిగితే, నోటీసులో ఇచ్చిన గడువును పొడిగించరు. అక్కడ ఇలాంటి మధ్యంతర జవాబు పనికిరాదు. పైగా ఉన్నదాన్ని విడిగా పంపితే అదే మీ పూర్తి జవాబుగా తీసుకుంటారు. అన్నీ కలిపి గడువులోపే చేర్చాలి.

22 నాటికి తమ్ముడికి ట్రాన్స్‌క్రిప్ట్ రాలేదు. అయినా మధ్యాహ్నమే పేరు వివరణ, ఫీజు కట్టిన రసీదు జతచేసి, కొత్త తేదీగా జూన్ 29 రాసి పంపాడు. గంటలో “సరే” అని జవాబొచ్చింది.