పాదంలో నొప్పి లేని గడ్డ: మైసెటోమాను తొలిదశలోనే ఎలా గుర్తించాలి?

పొలంలో చెప్పులు లేకుండా పనిచేసే వ్యక్తికి అరికాలిలో ముల్లు దిగి, ఆ సంగతి మరచిపోయిన కొన్ని నెలలకో ఏళ్లకో అదే చోట గోలీ అంత గట్టి గడ్డ లేస్తే, నొప్పి లేదు కదా అని ఊరుకోకూడదు. మట్టిలో ఉండే ఫంగస్ గానీ బాక్టీరియా గానీ గాయం గుండా చర్మం కిందికి చేరి, నెమ్మదిగా కండరాన్నీ ఎముకనూ తినివేసే మైసెటోమా సాధారణంగా ఇలాగే మొదలవుతుంది. 19వ శతాబ్దంలో మదురైలో వైద్యులు దీనిని వర్ణించినందువల్ల ‘మదుర పాదం’ అన్న పేరు కూడా ఉంది. ఇది ఒకరి నుంచి మరొకరికి అంటదు.

మొదట పాదాన్ని కడిగి, తుడిచి, మంచి వెలుతురులో పరిశీలించండి. గడ్డ మీద సన్నని రంధ్రం ఏర్పడి, చీము కారి, మూసుకుపోయి, పక్కనే మరొకటి తెరుచుకుంటుంటే అనుమానం బలపడుతుంది. అయితే రంధ్రాలు పడేదాకా ఆగనవసరం లేదు. గడ్డగా ఉన్నప్పుడే వైద్యుని వద్దకు వెళ్లడం అన్నిటికన్నా మేలు.

రంధ్రం ఉంటే రాత్రి దానిపై శుభ్రమైన గాజుగుడ్డ కట్టి, ఉదయం విప్పి చూడండి. చీముతో పాటు ఇసుక రేణువుల వంటి గింజలు అంటుకుని ఉండవచ్చు. అవి ఆ సూక్ష్మజీవుల గుంపులే. నల్లగా ఉంటే ఫంగస్ అనీ, ఎర్రగా ఉంటే బాక్టీరియా అనీ అనుమానించాలి. తెల్లనివి, పసుపువి రెండిటిలో ఏదైనా కావచ్చు. వాటిని శుభ్రమైన డబ్బాలో వేసి చర్మవ్యాధుల వైద్యుని వద్దకు తీసుకువెళ్లండి. గడ్డను పిండవద్దు.

రంగు ఒక సూచన మాత్రమే. పైకి వచ్చిన గింజల్లో ఇతర సూక్ష్మజీవులు కలిసి ఉండవచ్చు కాబట్టి, లోతు నుంచి తీసిన ముక్కకు బయాప్సీ, సూక్ష్మజీవిని పెంచి గుర్తించే కల్చర్ పరీక్ష చేయాలి. ఎముక స్థితి తెలియడానికి ఎక్స్‌రే, అవసరమైతే ఎంఆర్ఐ తీయాలి. ఫంగసా, బాక్టీరియానా అన్నది తేలకుండా మందు మొదలుపెడితే నెలల కాలం వృథా అవుతుంది. బాక్టీరియా రకానికి కోట్రైమోక్సజోల్, అమికాసిన్ వంటివి ఇస్తారు, చాలామందికి మందులతోనే నయమవుతుంది. ఫంగస్ రకానికి ఇట్రాకొనజోల్ తరచుగా ఏడాది, అంతకుమించి వాడుతూ, కాలేయ పరీక్షలు చేయించుకుంటూ, శస్త్రచికిత్స కూడా చేయించుకోవలసి వస్తుంది.

ముందు చెప్పిన ఆ వ్యక్తినే తీసుకోండి. గోలీ అంత ఉన్నప్పుడు వస్తే, ఫంగస్ గడ్డకు చుట్టూ పొర ఉంటుంది కనుక మందులు వాడిన తరువాత శస్త్రవైద్యుడు దానిని మొత్తంగా తీయగలడు. అదే గడ్డను ఎవరో పైపైన కోసి కొంత వదిలేస్తే మళ్లీ పెరుగుతుంది. కొన్నేళ్లు ఆగి, ఎముకలు దెబ్బతిన్న తరువాత వస్తే కాలు తీసేయవలసిన పరిస్థితి కూడా రావచ్చు.

రంధ్రాలు మూసుకోగానే మందు ఆపకండి. గింజలు రావడం ఆగి, గడ్డ కరిగి, స్కానింగ్‌లో ఎముక బాగుపడినట్టు వైద్యుడు నిర్ధారించాకే ఆపాలి. ఆ తరువాత కూడా కొంతకాలం అదే చోటును చూపించుకుంటూ ఉండాలి.