మార్చిలోపు కంపెనీలో పెట్టుబడి పెడుతున్నారా? డబ్బు కదిలే ముందే ఇవి చూసుకోండి

ఫిబ్రవరి, మార్చి వచ్చాయంటే విశాఖలో చిన్న కంపెనీలకు ఊపిరాడదు. అప్పు లిమిట్ పెంచాలంటే ముందు మీ వాటా సొమ్ము చూపించండి అంటుంది బ్యాంకు. ఎండాకాలం సరుకు వచ్చేలోపు కోల్డ్ రూమ్ పూర్తి చేయాలి. దాంతో డైరెక్టర్లు తమ పొదుపు ఖాతాల నుంచి కంపెనీ ఖాతాకు డబ్బు పంపేస్తారు. సంవత్సరాంతంలో ఆడిటర్ పుస్తకాలు తెరిచి, "ఇది షేర్ క్యాపిటల్ కింద రాయలేనండీ" అంటారు. డబ్బు వచ్చిన మాట నిజమే. కానీ దాన్ని షేర్లుగా మార్చే కాగితం ముందు పడలేదు. ఈ చిక్కు దాదాపు ప్రతిసారీ ఆథరైజ్డ్, ఇష్యూడ్, సబ్‌స్క్రైబ్డ్, పెయిడప్ అనే నాలుగు అంకెల్ని ఒకటిగా చూడటం వల్లే వస్తుంది. పాఠ్యపుస్తకాల్లో వీటినే అధీకృత, జారీ, చందా, చెల్లించిన మూలధనం అంటారు.

ఆటోనగర్‌లో రొయ్యల ప్యాకింగ్ చేసే ఒక కుటుంబ ప్రైవేట్ కంపెనీ ఉందనుకుందాం. షేరు ముఖవిలువ 10 రూపాయలు. ఆథరైజ్డ్ క్యాపిటల్ 15 లక్షలు, అంటే 1,50,000 షేర్లు. ఇప్పటికి 1,00,000 షేర్లు ఇచ్చారు. అన్నకు 50,000, తమ్ముడికి 30,000, బావమరిదికి 20,000. అన్నీ పూర్తిగా చెల్లించినవే, కాబట్టి పెయిడప్ 10 లక్షలు. కోల్డ్ రూమ్ కోసం ఇంకో 10 లక్షలు కావాలి.

మొదట చూడాల్సింది చోటు ఉందా అని. ఆథరైజ్డ్ క్యాపిటల్ అంటే కంపెనీ దగ్గరున్న డబ్బు కాదు. ఇంతవరకే షేర్లు ఇవ్వొచ్చు అని కంపెనీ స్థాపన పత్రమైన మెమొరాండంలో రాసుకున్న గరిష్ఠ పరిమితి. మన కంపెనీకి మిగిలింది 50,000 షేర్ల చోటు, అంటే ముఖవిలువలో 5 లక్షలు. 10 రూపాయల చొప్పున 10 లక్షలు తేవాలంటే 1,00,000 షేర్లు ఇవ్వాలి, చోటు చాలదు. పరిమితి దాటి షేర్లు ఇస్తే ఆ ఇవ్వడమే చెల్లదు. తర్వాత తీర్మానం చేసి సర్దుకుందాంలే అనుకుంటే కుదరదు.

ఇక్కడ చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది. ఆథరైజ్డ్ పరిమితిని కొలిచేది ముఖవిలువతోనే, దానికి పైన తీసుకునే ప్రీమియం అందులోకి రాదు. అదే కంపెనీ ఒక్కో షేరును 20 రూపాయలకు ఇచ్చిందనుకోండి, 50,000 షేర్లతోనే 10 లక్షలు వచ్చేస్తాయి. ఉన్న 15 లక్షల పరిమితి సరిగ్గా సరిపోతుంది. అయితే ఆ 10 లక్షల్లో 5 లక్షలే పెయిడప్‌లోకి వెళ్తాయి, మిగతా 5 లక్షలు సెక్యూరిటీస్ ప్రీమియం ఖాతాలో కూర్చుంటాయి. బ్యాంకు నెట్‌వర్త్ చూస్తే రెండూ కలిసి లెక్కకొస్తాయి. అదే ఏదైనా టెండర్‌లో "పెయిడప్ ఇంత ఉండాలి" అని రాసి ఉంటే ప్రీమియం పనికిరాదు. మీకు కావాల్సింది ఏదో ముందే తేల్చుకుని ధర పెట్టండి.

మన కుటుంబం ముఖవిలువకే ఇవ్వాలనుకుంది. కాబట్టి ముందు ఆథరైజ్డ్‌ను 25 లక్షలకు పెంచుకోవాలి. కంపెనీ లోపలి నియమావళి అయిన ఆర్టికల్స్‌లో ఆ అధికారం ఉందో లేదో చూడండి, లేకపోతే ముందు ఆర్టికల్సే మార్చాలి. తర్వాత సభ్యుల సమావేశం. ఆర్టికల్స్‌లో వేరే ఏర్పాటు లేకపోతే దానికి 21 రోజుల పూర్తి నోటీసు కావాలి. ఓటు హక్కు ఉన్న సభ్యుల్లో ఎక్కువమంది, పెయిడప్‌లో 95 శాతానికి తగ్గకుండా ఉన్నవాళ్లు, ఒప్పుకుంటే తక్కువ నోటీసుతోనూ నడుస్తుంది. అక్కడ సాధారణ తీర్మానం చేసి, 30 రోజుల్లోపు కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ, అంటే ఎంసీఏ, పోర్టల్‌లో SH-7 ఫారం వేయాలి. ఫీజు, స్టాంపు సుంకం పెరిగిన మొత్తం మీద పడతాయి. భవిష్యత్తులో పనికొస్తుందని కోటి రూపాయలకు పెంచేసుకోవడం వృథా ఖర్చే. ఒకటి రెండేళ్ల అవసరం చూసుకుంటే చాలు. పోర్టల్‌లోని మాస్టర్ డేటాలో కొత్త అంకె కనబడేదాకా ఆగి, అప్పుడే షేర్లు ఇచ్చే పని మొదలుపెట్టండి. వరస తిరగబడితే, షేర్లు కేటాయించాక వేయాల్సిన PAS-3 ఫారం దగ్గర ఇరుక్కుంటారు.

చోటు దొరికాక ఆఫర్. ఉన్న సభ్యులకే ఇస్తున్నారు గనుక ఇది రైట్స్ ఇష్యూ. ఒక షేరుకు ఒకటి లెక్కన 1,00,000 కొత్త షేర్లు ఇవ్వజూపారు. ఆఫర్ తెరుచుకోవడానికి కనీసం 3 రోజుల ముందు లేఖ పంపాలి. ఆఫర్ గడువు 7 రోజులకు తగ్గకూడదు, 30 రోజులు దాటకూడదు. గడువులోగా జవాబు రాకపోతే వద్దన్నట్టే లెక్క. ఇంట్లో నోటిమాటగా "నువ్వు తీసుకుంటావా బావా" అని అడిగితే అది ఆఫర్ కాదు. లేఖ, అది అందినట్టు రుజువు ఫైల్లో ఉండాలి.

ఈ ఆఫర్‌తో ఇష్యూడ్ క్యాపిటల్ 20 లక్షలైంది. బావమరిది తన 20,000 వద్దన్నాడు. అన్నదమ్ములు తమ వంతు 80,000 తీసుకున్నారు. కాబట్టి సబ్‌స్క్రైబ్డ్ 18 లక్షలు. కోల్డ్ రూమ్ బడ్జెట్ కూడా ఆ మేరకు 2 లక్షలు తగ్గుతుంది. బడ్జెట్ వేసేటప్పుడు ఇష్యూడ్ అంకె పట్టుకుని కాంట్రాక్టరుకు మాటిచ్చేవాళ్లు దెబ్బతినేది ఇక్కడే.

ఇప్పుడు డబ్బు. షేరు దరఖాస్తు సొమ్ము అందిన రోజు నుంచి 60 రోజుల్లో షేర్లు కేటాయించాలి. అలా జరగకపోతే ఆ తర్వాత 15 రోజుల్లో తిరిగి ఇచ్చేయాలి. అదీ చేయకపోతే డిపాజిట్ నిబంధనల ప్రకారం ఆ సొమ్ము డిపాజిట్ అయిపోతుంది, చిన్న కంపెనీకి అది పెద్ద తలనొప్పి. లీపు సంవత్సరం కాకపోతే ఫిబ్రవరి 1న పడిన డబ్బుకు కేటాయింపు గడువు ఏప్రిల్ 2, తిరిగి ఇవ్వడానికి ఏప్రిల్ 17. ఆథరైజ్డ్ పెంచకుండా ముందే డబ్బు వేస్తే, సమావేశం నోటీసుకు పట్టే మూడు వారాలు కూడా ఈ 60లోంచే కరిగిపోతాయి. ఆలస్యమైందని ఆ సొమ్మును వేరే బాకీకి సర్దేసి "తిరిగిచ్చేశాం" అని రాస్తే చెల్లదు. వేరే పనికి సర్దుబాటు చేస్తే తిరిగి చెల్లించినట్టు కాదని నిబంధనే చెబుతుంది.

డబ్బు సభ్యుడి సొంత ఖాతా నుంచే రావాలి. బ్యాంకు వివరణలో షేర్ దరఖాస్తు అని ఉంటే తర్వాత వాదన ఉండదు. డైరెక్టర్ తన జేబులోంచి ఐస్ ప్లాంట్ బిల్లు కట్టి "ఇది నా షేర్ల కింద రాసుకోండి" అనడం మామూలైపోయింది. పుస్తకాల్లో అది కంపెనీ ఆయనకు బాకీ ఉన్న మొత్తమే. దాన్ని షేర్లుగా మార్చాలంటే వేరే దారి, వేరే కాగితాలు. ఇక సభ్యులు కాని బయటివాళ్ల దగ్గర ప్రైవేట్ ప్లేస్‌మెంట్‌లో తీసుకుంటే నియమం ఇంకా బిగుసుకుంటుంది. సొమ్ము విడి బ్యాంకు ఖాతాలో ఉండాలి, కేటాయించి PAS-3 వేసేదాకా ముట్టుకోకూడదు. గడువులో తిరిగివ్వకపోతే 60వ రోజు దాటినప్పటి నుంచి 12 శాతం వడ్డీ పడుతుంది.

అన్నదమ్ములు మొత్తం ఒకేసారి కట్టలేమన్నారు. షేరుకు 5 రూపాయలు దరఖాస్తుతో, మిగతా 5 కంపెనీ తర్వాత అడిగే ఒకే వాయిదాగా, అంటే ఒకే కాల్‌గా అనుకున్నారు. ఇక్కడ ఆర్టికల్స్ తీసి చదవాలి. చట్టంలోని నమూనా, టేబుల్ ఎఫ్, యథాతథంగా పెట్టుకుని ఉంటే ఒక కాల్ ముఖవిలువలో నాలుగో వంతు దాటకూడదు, అంటే రెండున్నర రూపాయలు. రెండు కాల్స్ మధ్య కనీసం నెల ఉండాలి, ఒక్కోదానికి 14 రోజుల నోటీసు ఇవ్వాలి. కాబట్టి ఆ 5 రూపాయలు రెండు కాల్స్‌గా విడదీయాల్సిందే. ఈ నియమం వదిలేసి ఒకేసారి పిలిస్తే, కట్టనివాడి షేర్లు జప్తు చేద్దామనుకున్న రోజున కాల్ చెల్లదని అతనే వాదిస్తాడు.

రెండు కాల్స్ పిలిచారు. అన్న రెండూ కట్టాడు. తమ్ముడు తన 30,000 షేర్ల మీద రెండో కాల్ 75,000 రూపాయలు కట్టలేదు. సబ్‌స్క్రైబ్డ్ 18 లక్షలే, పిలిచినదీ 18 లక్షలే, పెయిడప్ మాత్రం 17,25,000. బకాయి మీద టేబుల్ ఎఫ్ ప్రకారం ఏటా 10 శాతం వరకు వడ్డీ అడగొచ్చు. తమ్ముడు డైరెక్టర్ కూడా అయితే డైరెక్టర్ల కాల్ బకాయి బ్యాలెన్స్ షీట్ నోట్స్‌లో విడిగా కనబడుతుంది. బ్యాంకు అధికారి ముందు చదివేది అలాంటి లైన్లే. ఇంట్లో మొహమాటానికి బకాయిని కట్టినట్టు రాయొద్దు, బ్యాంకు స్టేట్‌మెంట్‌తో పోల్చిన నిమిషంలో బయటపడుతుంది.

మార్చి 31 లెక్కలో చూసేది బోర్డు ఏ తేదీన కేటాయించిందన్నదే. ఆ రోజుకు కేటాయింపు తీర్మానం అయి ఉంటే అందిన సొమ్ము షేర్ క్యాపిటల్. డబ్బొచ్చి తీర్మానం ఏప్రిల్ 5న అయితే, ఆ ఏడాది బ్యాలెన్స్ షీట్‌లో "కేటాయింపు కావాల్సిన షేరు దరఖాస్తు సొమ్ము" అనే వేరే లైన్లో ఉంటుంది, పెయిడప్ పెరగదు. తీర్మానాన్ని వెనక్కి తేదీ వేసి రాసే ఆలోచన వద్దు. PAS-3లో వేసే తేదీ, మినిట్స్ తేదీ, బ్యాంకు తేదీ మూడూ ఒకదాన్నొకటి పట్టిస్తాయి.

కేటాయించిన 30 రోజుల్లో PAS-3 వేయాలి. ప్రైవేట్ ప్లేస్‌మెంట్‌కైతే 15 రోజులే. రెండు నెలల్లో షేర్ సర్టిఫికెట్లు ఇవ్వాలి, వాటి మీద ఒక్కో షేరుకు ఎంత చెల్లించారో సరిగ్గా రాయాలి. సగం కట్టిన షేరుకు పూర్తిగా చెల్లించినట్టు సర్టిఫికెట్ ఇచ్చేస్తే, దాన్ని నమ్మి కొన్నవాడి దగ్గర మిగతాది అడగలేరు.

కొత్తగా పెట్టిన కంపెనీ అయితే ఇంకో గడువు కూడా ఉంది. మెమొరాండంలో సంతకం పెట్టి తీసుకుంటామన్న షేర్ల డబ్బు ఖాతాలో పడ్డాకే, నమోదైన 180 రోజుల్లో వ్యాపారం మొదలుపెట్టే ముందు ఇచ్చే ప్రకటన, INC-20A ఫారం వేయాలి. వేయకపోతే వ్యాపారం మొదలుపెట్టడానికీ అప్పు తేవడానికీ వీల్లేదు.

చివరగా లెటర్‌హెడ్, బ్రోచర్లు. కొత్త ఆథరైజ్డ్ 25 లక్షలని అచ్చు వేయించాలనిపిస్తుంది. వేస్తే పక్కనే సబ్‌స్క్రైబ్డ్, పెయిడప్ అంకెలు కూడా అంతే పెద్ద అక్షరాల్లో, అంతే కనబడే చోట ఉండాలి. లేకపోతే కంపెనీకి 10,000, బాధ్యుడైన ప్రతి అధికారికి 5,000 రూపాయల జరిమానా. మన కంపెనీ అచ్చు వేయాల్సిన అంకెలు 25,00,000, 18,00,000, 17,25,000. తమ్ముడు ఆ 75,000 కట్టిన రోజున మూడోది మారుతుంది, కాబట్టి అప్పటిదాకా వెయ్యి కాపీలు కొట్టించకండి.