ఫొటో తీసిన నివేదిక నుంచి పట్టిక – 4వ పాఠం: మొత్తాల వరుసలను ఏరివేయడం

గత పాఠంలో అచ్చు నివేదికను ఫొటో తీసి, ఓసీఆర్‌తో చదివించి, ఎక్సెల్ షీటులోకి తెచ్చుకున్నాం. అలా వచ్చిన షీటులో వివర వరుసలతో పాటు ప్రతి విభాగం చివర ఒక సబ్ టోటల్, అన్నిటికన్నా కింద ఒక గ్రాండ్ టోటల్ కూడా కలిసి ఉంటాయి. వాటిని అలాగే ఉంచి కాలమ్ మొత్తం కూడితే ప్రతి అంకె మూడుసార్లు లెక్కలోకి వస్తుంది: తన వరుసలో ఒకసారి, సబ్ టోటల్‌లో ఒకసారి, గ్రాండ్ టోటల్‌లో ఒకసారి. అందువల్ల వివర వరుసలు మాత్రమే మిగిలేలా షీటును శుభ్రం చేసుకోవాలి. ఈ పాఠంలో చేయబోయేది అదే. అయితే ఏరివేసే ముందు ఆ మొత్తాల చేత ఒక పని చేయించుకోవాలి. ఓసీఆర్ అంకెలను సరిగా చదివిందో లేదో చెప్పగల సాక్ష్యం ఆ కాగితం మీద అవి తప్ప ఇంకేమీ ఉండదు.

కింద ఉన్నది ఒక సామగ్రి నివేదికను ఓసీఆర్ చదివిన తీరు. మొదటి కాలమ్‌లో కోడ్, రెండో దానిలో వస్తువు పేరు, మూడో దానిలో సంఖ్య ఉన్నాయి. ఎడమ చివరి అంకెలు ఎక్సెల్ వరుసల సంఖ్యలు.

```
     A     B               C
 1   Code  Item            Qty
 2   101   Tape            48
 3   102   Total Station   6
 4   103   Tripod          35
 5         Survey Total    89
 6   204   Rope            120
 7   205   Helmet          73
 8         Safety Tota1    198
 9   310   Lantern         57
10                         57
11         Grand Total     344
```

ఎవరికైనా మొదట తోచే పద్ధతి B కాలమ్‌లో `Total` అనే మాటను వెతికి, అది ఉన్న వరుసలన్నిటినీ తొలగించడం. ఈ చిన్న పట్టికలోనే అది మూడుచోట్ల దెబ్బతింటుంది. 3వ వరుసలోని టోటల్ స్టేషన్ భూమి కొలతలకు వాడే పరికరం, అంటే అది అసలైన వివర వరుస, అయినా వెతుకులాటకు చిక్కి తొలగిపోతుంది. 8వ వరుసలో చివరి అక్షరాన్ని ఓసీఆర్ ఒకటి అంకెగా చదివింది కాబట్టి ఆ సబ్ టోటల్ తప్పించుకుంటుంది. 10వ వరుసలో పేరే లేదు. ఫొటోలో ఆ చోట దీపం వెలుగు పడి తెల్లగా మెరిసింది, అక్కడ అచ్చయిన లైటింగ్ విభాగపు పేరు ఓసీఆర్‌కు అందకుండా పోయి, అంకె మాత్రం మిగిలింది. ఒకప్పుడు నేను కూడా ఈ పద్ధతినే నమ్మి ఒక పొడవాటి నివేదికను శుభ్రం చేశాను. పోయిన వరుస ఒకటి, పోకుండా ఉండిపోయిన సబ్ టోటల్ ఒకటి ఉన్నాయని తెలిసేసరికి ఆ అంకెల మీద ఇంకో లెక్క కట్టడం కూడా అయిపోయింది.

మాటకన్నా నమ్మదగిన గుర్తు ఖాళీ కోడ్. మొత్తం వరుసకు కోడ్ ఉండదు, వివర వరుసకు ఉంటుంది. అందుకని D కాలమ్‌కు `Type` అని పేరు పెట్టి, వరుస రకాన్ని అందులో రాయించుదాం. వివర వరుసకు `D`, సబ్ టోటల్‌కు `S`, గ్రాండ్ టోటల్‌కు `G`. D2 గడిలో ఈ సూత్రం రాసి 11వ వరుస వరకు కిందికి లాగండి.

```
=IF(TRIM(A2)<>"","D","S")
```

ఖాళీగా కనిపించే గడిలో ఓసీఆర్ ఒక్కోసారి కంటికి కనిపించని ఖాళీ అక్షరాన్ని వదిలిపెడుతుంది. `TRIM` ఉన్నది అందుకోసమే. చివరి వరుసలో `S` వస్తుంది, దాన్ని చేత్తో `G` అని మార్చండి. ఏ వరుసనూ ఇప్పుడే తొలగించకండి. రకం గుర్తు పెట్టడం ఒక పని, తొలగించడం వేరే పని, వాటి మధ్యలో జరగవలసినది ఇంకా ఉంది.

అది అంకగణిత పరీక్ష. E కాలమ్‌లో వివర వరుసలను పైనుంచి కూడుకుంటూ పోవాలి. సబ్ టోటల్ వరుస రాగానే, అప్పటివరకు కూడిన దానిలోంచి అచ్చయిన సబ్ టోటల్‌ను తీసివేసి తేడా చూపాలి. ఆ తరువాతి వరుస నుంచి మళ్లీ సున్నాతో మొదలుపెట్టాలి. E2 లో రాయవలసిన సూత్రం ఇది.

```
=IF(D2="D",IF(D1="D",N(E1),0)+C2,IF(D2="S",N(E1)-C2,""))
```

కిందికి లాగితే E2 నుంచి వరుసగా 48, 54, 89 వస్తాయి, 5వ వరుసలో 0 వస్తుంది. సర్వే విభాగం సరిపోయింది, అంటే టోటల్ స్టేషన్‌ను వివర వరుసగా ఉంచడం సరైనదేనని కూడా తేలిపోయింది. 10వ వరుసలో కూడా 0 వస్తుంది. పేరు లేని ఆ 57 తన పైనున్న ఒకే ఒక్క వరుసకు మొత్తమని లెక్క చెబుతోంది. అయితే విభాగంలో ఒకే వరుస ఉన్నప్పుడు లెక్క ఒక్కటే చాలదు, ఎందుకంటే పక్కపక్కనే ఉన్న రెండు వివర వరుసల్లో ఒకే సంఖ్య ఉండటం కూడా జరిగేదే. అలాంటి చోట ఫొటోను తెరిచి, ఆ అంకె పైన గీత ఉందా, అక్షరాలు బొద్దుగా ఉన్నాయా అని కంటితో చూడవలసిందే.

8వ వరుసలో మాత్రం -5 వచ్చింది. 120, 73 కలిపితే 193, కాగితం మీద 198. తప్పు వివర వరుసలో ఉందా, లేక సబ్ టోటల్‌నే ఓసీఆర్ తప్పు చదివిందా? గ్రాండ్ టోటల్ దీన్ని తేలుస్తుంది. సబ్ టోటల్స్ మూడూ కలిపితే 89, 198, 57 కలిసి 344 అవుతాయి, అచ్చయినదీ అంతే. వివర వరుసలన్నీ కలిపితే 339. కాబట్టి సబ్ టోటల్ సరిగానే ఉంది, తప్పు వివర వరుసలో ఉంది.

తేడా ఎంతో చూస్తే ఎక్కడ వెతకాలో కూడా తెలుస్తుంది. ఓసీఆర్ సాధారణంగా ఆకారంలో దగ్గరగా ఉన్న అంకెలను మార్చి చదువుతుంది. 8 ని 3 గా చదివితే ఆ స్థానాన్ని బట్టి 5, 50, 500 తగ్గుతుంది. 1 ని 7 గా చదివితే 6, 60, 600 పెరుగుతుంది. తేడా అచ్చంగా ఒక వరుసలోని సంఖ్యకు రెట్టింపైతే, ఆ సంఖ్య ముందున్న ఋణ గుర్తు పోయి ఉండవచ్చు. ఇక్కడ ఒకట్ల స్థానంలో 5 తగ్గింది, 3 తో ముగిసేది 73 ఒక్కటే. ఫొటోను పెద్దదిగా చేసి ఆ గడిని చూస్తే 78 అని కనిపిస్తుంది. 8 ఎడమవైపు సిరా పలచబడటంతో అది 3 లా తెరుచుకుంది. C7 ను 78 గా దిద్దగానే E8 సున్నా అవుతుంది. అంకెను దిద్దేది ఫొటోలో చూసిన తరువాతే తప్ప, తేడా సరిపోతోందన్న కారణంతో ఎన్నడూ దిద్దకూడదు. 120 ని 125 చేసినా తేడా సరిపోతుంది, కానీ అది అబద్ధపు పట్టిక అవుతుంది.

కోడ్ ఆధారంగా రకం పెట్టాం కాబట్టి, ఓసీఆర్ కోడ్‌ను వదిలేస్తే ఏమవుతుందో కూడా చూడాలి. A3 లోని 102 ను తాత్కాలికంగా చెరిపి చూడండి. టోటల్ స్టేషన్ వరుస `S` అయిపోతుంది, E3 లో 42 వస్తుంది, E5 లో -54 వస్తుంది. ఒకే విభాగంలో వెంటవెంటనే రెండుచోట్ల తేడా రావడం, రెండో తేడా పైన పోయిన 48, 6 ల కూడికకు సమానం కావడం ఈ పొరపాటు ఆనవాలు. ఇలా కనిపిస్తే తప్పు అంకెలో కాదు, D కాలమ్‌లో ఉంది. చూశాక 102 ను తిరిగి రాసేయండి. E కాలమ్‌లో `#VALUE!` వస్తే, C లోని సున్నాను ఓసీఆర్ ఇంగ్లీషు అక్షరం O గా చదివి ఉంటుంది.

చివరిగా షీటు మొత్తానికి ఒక పరీక్ష. ఖాళీ గడిలో దీన్ని రాయండి.

```
=SUM(C2:C11)/C11
```

దిద్దకముందు ఇది 2.985 దగ్గర ఉండేది, ఇప్పుడు సరిగ్గా 3 చూపాలి. ఈ 3 ఒకే స్థాయి సబ్ టోటల్స్ ఉన్న నివేదికకు మాత్రమే వర్తిస్తుంది. విభాగంలో ఉపవిభాగాలకు కూడా మొత్తాలు ఉంటే 4 రావాలి.

తేడా రావడం ప్రతిసారీ తప్పు కాదు. నివేదికను అచ్చు వేసిన ప్రోగ్రామ్ దశాంశాలను దాచుకుని, సవరించిన పూర్ణాంకాలనే చూపితే, వరుసల కూడికకూ అచ్చయిన మొత్తానికీ చివరి స్థానంలో ఒకటో రెండో తేడా న్యాయంగానే వస్తుంది. ఫొటోలో అంకెలన్నీ స్పష్టంగా అలాగే ఉంటే ఆ తేడాను వదిలేయాలి. అలాగే ఈ పరీక్ష కూడదగిన కాలమ్‌లకే పనికివస్తుంది. ధర, సగటు, శాతం వంటివి మొత్తం వరుసలో కూడికలు కావు, వాటిలోని తప్పులను ఇది పట్టుకోదు. ఒకే విభాగంలో ఒక వరుస 5 పెరిగి, మరొకటి 5 తగ్గితే ఇది మౌనంగానే ఉంటుంది.

తొలగించే ముందు ఇంకొకటి. విభాగం పేరు ఈ నివేదికలో మొత్తం వరుసలో తప్ప మరెక్కడా లేదు. ఆ వరుస పోతే హెల్మెట్ ఏ విభాగానిదో చెప్పేది ఉండదు. ముందుగా B8 లో మాటను దిద్ది, B10 లో ఫొటోలో లీలగా కనిపిస్తున్న పేరును చేత్తో రాసి, F2 లో ఇది రాసి 11వ వరుస వరకు లాగండి.

```
=IF(D2="S",B2,F3)
```

ప్రతి వివర వరుసా తన కింద వచ్చే మొదటి సబ్ టోటల్ పేరును తీసుకుంటుంది. G వరుసలో వచ్చే 0 ను పట్టించుకోవద్దు. విభాగం పేరు పైన శీర్షికగా వచ్చే నివేదికల్లో దీన్ని తిప్పి, పై గడి నుంచి తీసుకోవాలి.

ఇప్పుడు D, E, F కాలమ్‌లను కాపీ చేసి, అదే చోట విలువలుగా పేస్ట్ చేయండి. ఇది మరిచిపోయి వరుసలు తొలగిస్తే, F లోని సూత్రాలు పోయిన గడులను వెతుక్కుంటూ `#REF!` చూపుతాయి. తరువాత D కాలమ్‌కు ఫిల్టర్ పెట్టి `D` మాత్రమే ఎంచుకుని, కనిపిస్తున్న వరుసలను కొత్త షీటులోకి కాపీ చేయండి. పాత షీటును తొలగించకుండా ఫొటోతో పాటే దాచుకోండి. కొత్త షీటులో ఆరు వరుసలు ఉండాలి, C కాలమ్ కూడిక 344 రావాలి.

అభ్యాసం: పై పట్టికలో దిద్దిన అంకెలు ఉంచి, C4 ను 36 గా, C5 ను 90 గా మార్చండి. E5 లో ఏమి వస్తుందో, తప్పు ఎక్కడ బయటపడుతుందో రాసుకోండి. వచ్చే పాఠం దాని సమాధానంతో మొదలవుతుంది. ఆ తరువాత రెండు పేజీల మీదుగా సాగే విభాగాల్లో, పేజీ అడుగున ‘ముందుకు తీసుకెళ్లినది’, తరువాతి పేజీ పైన ‘వెనుక నుంచి తెచ్చినది’ అని వచ్చే వరుసలను ఎలా గుర్తించాలో చూద్దాం.